యాభై ప్లస్ ఇరవై అరవయ్యే!

ఆషాఢం రాగానే బట్టల కొట్ల ముందు బోర్డులు మారిపోతాయి. పెళ్లిళ్లు లేని నెల, కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింట్లో ఉండే నెల. వచ్చే శ్రావణానికి కొత్త సరుకు దించాలంటే పాత సరుకు కదలాలి. అందుకే విజయవాడ బీసెంట్ రోడ్డులోనైనా, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనైనా ఆ నెలంతా తగ్గింపుల జాతర నడుస్తుంది. ఆ బోర్డుల్లో అందరి కళ్లనూ పట్టేసేది ఒకటుంటుంది: 50% + 20%.

ఒక చీర తీసుకుందాం. చీటీ మీద వెల రూ.4,000. కొనడానికి వచ్చినావిడ మనసులో లెక్క వేసుకుంటుంది. యాభై, ఇరవై కలిపితే డెబ్భై. నాలుగు వేలలో డెబ్భై శాతం అంటే 2,800. అది పోతే 1,200. పర్సులో ఆ మేరకు డబ్బు చూసుకుని కౌంటర్ దగ్గరికి వెళ్తుంది. బిల్లు మాత్రం రూ.1,600 అని వస్తుంది.

“డెబ్భై శాతం అని బోర్డు పెట్టి ఇదేంటండీ?”

“డెబ్భై అని ఎక్కడా రాయలేదమ్మా. ముందు యాభై తీసేశాం, రెండు వేలయింది. ఆ రెండు వేల మీద ఇరవై తీశాం. నాలుగు వందలు పోతే పదహారు వందలు.”

బిల్లు తప్పు కాదు. బోర్డులో కూడా అబద్ధం లేదు. రెండో తగ్గింపు దేని మీద లెక్కకట్టాలన్న దగ్గరే మనసు పొరపడింది. ఆ ఇరవై శాతం మొదటి నాలుగు వేల మీద కాదు, మిగిలిన రెండు వేల మీద. ఆవిడ అనుకున్నదానికీ, ఇవ్వాల్సి వచ్చినదానికీ మధ్య ఉన్న నాలుగు వందల తేడా అంతా ఆ ఒక్క చోటే పుట్టింది. బ్యాంకు, రైల్వే, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షల్లో లాభనష్టాల ప్రశ్న రాసేవారు కూడా సరిగ్గా ఈ చోటనే వల పన్నుతారు. ఇచ్చిన నాలుగు జవాబుల్లో 70 శాతం తప్పకుండా ఉంటుంది. తొందరలో ఉన్నవారి చెయ్యి దాని మీదికే పోతుంది.

శాతాన్ని గుణకంగా మార్చడం

ఈ వలలో పడకుండా ఉండటానికి ఉన్న ఉపాయం చాలా చిన్నది. శాతం చెప్పగానే ఎంత పోతోందో చూడటం మానేసి, ఎంత మిగులుతోందో చూడాలి. 20 శాతం తగ్గించారంటే నూటికి 80 మిగిలింది. అంటే పాత వెలను 0.8తో గుణిస్తే కొత్త వెల వస్తుంది. 50 శాతం తగ్గిస్తే గుణకం 0.5. 10 శాతం నష్టానికి అమ్మితే 0.9. అదే 25 శాతం లాభానికి అమ్మితే నూటికి 125 వచ్చాయి కాబట్టి 1.25. వెల 5 శాతం పెరిగితే 1.05.

ఇలా ప్రతి శాతం ఒక గుణకంగా మారిపోయాక లాభం, నష్టం, తగ్గింపు, పెంపు అనే తేడా ఉండదు. అన్నీ ఒకే జాతి సంఖ్యలు. ఒకదాని తర్వాత ఒకటి జరిగితే గుణించుకుంటూ పోవడమే. చీర లెక్క ఇలా అవుతుంది:

0.5 × 0.8 = 0.4

నాలుగు పదుల వంతు మిగిలింది. అంటే 40 శాతం ఇచ్చాం, 60 శాతం తగ్గింది. 4,000 × 0.4 = 1,600. రెండు తగ్గింపులు కలిసి చేసే పని 60 శాతం తగ్గింపు ఒక్కటే చేస్తుంది. పరీక్షల భాషలో దీన్నే సమాన ఏక డిస్కౌంట్ అంటారు.

గుణకారం కాబట్టి వరుస మారినా ఫలితం మారదు. ముందు 20 తీసి తర్వాత 50 తీసినా అదే 1,600. నాలుగు వేలు 3,200 అవుతుంది, అందులో సగం 1,600. ముందు ఏది తీశారని కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు.

దశాంశాలతో గుణించడం కొందరికి బరువుగా ఉంటుంది. అలాంటివారికి భిన్నాలు ఇంకా తేలిక. 20 శాతం అంటే అయిదో వంతు. కాబట్టి 20 శాతం తగ్గింపు అంటే 4/5, 20 శాతం లాభం అంటే 6/5. పాతిక శాతం నాలుగో వంతు. తగ్గిస్తే 3/4, పెంచితే 5/4. 12½ శాతం ఎనిమిదో వంతు, 7/8 లేదా 9/8. 16⅔ శాతం ఆరో వంతు, 5/6 లేదా 7/6. 33⅓ శాతం మూడో వంతు, 2/3 లేదా 4/3. ఈ అయిదు జతలు ఎక్కాల్లా నోటికి వస్తే, 16⅔ శాతం తగ్గింపు తర్వాత 20 శాతం లాభం అన్న ప్రశ్న చూసి కంగారుపడక్కర్లేదు. 5/6 × 6/5 = 1. లాభమూ లేదు, నష్టమూ లేదు.

ఇది కొత్తగా ఎవరో కనిపెట్టిన చిట్కా కాదు. ‘నూటికి ఇంత అయితే, నాలుగు వేలకు ఎంత?’ అని అడిగే త్రైరాశికమే ఇది. మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చిన నాటి నుంచీ మన భాషలో ఉన్న పద్ధతి. మన దగ్గర వీధిబడుల్లో భిన్నాల ఎక్కాలు కూడా వల్లె వేయించింది ఇలాంటి లెక్కల కోసమే.

వంద గళ్ల కాగితం

ఎందుకు 70 కాదు, 60 అయిందో కళ్లతో చూడాలంటే ఒక కాగితం మీద వరుసకు పది చొప్పున పది వరుసలుగా వంద గళ్లు గీయాలి. 50 శాతం తగ్గింపు అంటే పైనున్న అయిదు వరుసలు కొట్టేయడం. 20 శాతం తగ్గింపు అంటే ఎడమ చివర రెండు నిలువు వరుసలు కొట్టేయడం. ఆ రెండు నిలువు వరుసల్లో ఇరవై గళ్లున్నాయి, కానీ వాటిలో పై పది గళ్లు అప్పటికే కొట్టివేతలో పోయాయి. కొట్టేసిన గడిని మళ్లీ కొట్టేస్తే కొత్తగా పోయేదేమీ లేదు. కాబట్టి పోయిన గళ్లు 50, 20 కలిపి 70లోంచి రెండుసార్లు లెక్కకు వచ్చిన 10 తీసేయగా 60.

పోటీ పరీక్షల పుస్తకాల్లో కనిపించే సూత్రం ఈ బొమ్మే:

a + b − ab/100

ఇక్కడ a, b రెండు తగ్గింపులు. ab/100 అన్నది రెండుసార్లు కొట్టేసిన గళ్ల సంఖ్య. 30, 10 శాతాల తగ్గింపు అయితే 40లోంచి 3 తీసేస్తే 37. కాగితం మీద రాయకుండానే చెప్పేయవచ్చు. రెండూ పెంపులైతే ఆ భాగం కలుస్తుంది. 20 శాతం, ఆ తర్వాత 10 శాతం పెరిగితే 20 + 10 + 2 = 32. ఒకటి పెంపు, ఒకటి తగ్గింపు అయితే తగ్గింపుకు మైనస్ గుర్తు పెట్టుకుంటే సరి.

ఈ బొమ్మ నుంచే ఇంకో సంగతి తెలుస్తుంది. మూడు కొట్లు ఉన్నాయి. ఒకదాంట్లో నేరుగా 40 శాతం తగ్గింపు. రెండో దాంట్లో 30 + 10. మూడో దాంట్లో 20 + 20. కూడితే మూడూ నలభయ్యే. కానీ వంద రూపాయల వస్తువుకు మొదటి కొట్లో 60 రూపాయలు, రెండో కొట్లో 63, మూడో కొట్లో 64 ఇవ్వాలి. రెండు తగ్గింపుల మొత్తం ఒకటే అయినప్పుడు అవి సమానంగా ఉంటే రెండుసార్లు కొట్టేసిన గళ్లు ఎక్కువ. కొనేవారికి దక్కేది తక్కువ. తగ్గింపును ముక్కలు చేసిన కొద్దీ కొట్టు యజమానికి మిగులు పెరుగుతుంది.

తగ్గింపులు మూడైతే సూత్రం కంటే గుణకాలే నయం. 20, 10, 25 శాతాల తగ్గింపులు వరుసగా వచ్చాయనుకుందాం. 0.8 × 0.9 = 0.72. దానిలో నాలుగింట మూడు వంతులు 0.54. మిగిలింది 54 శాతం, పోయింది 46. సూత్రంతో చేయాలంటే మొదటి రెండింటికి ఒకసారి, వచ్చిన 28కీ 25కీ మరోసారి వాడాలి. జవాబు అదే వస్తుంది కానీ తప్పు దొర్లడానికి అవకాశం రెట్టింపు.

గల్లాపెట్టె వైపు నుంచి

ఇప్పుడు అదే చీరను అమ్మేవారి వైపు నుంచి చూద్దాం. ఆ చీర కొట్టుకు రూ.1,250కి పడిందనుకుందాం. దాని మీద రూ.4,000 చీటీ వేశారు. 4,000ను 1,250తో భాగిస్తే 3.2. అంటే కొన్నవెలకు 3.2 రెట్లు. ఆ తర్వాత రెండు తగ్గింపులు. గొలుసంతా కలిపితే:

3.2 × 0.5 × 0.8 = 1.28

అరవై శాతం తగ్గించాక కూడా కొన్నవెల మీద 28 శాతం లాభం. రూపాయల్లో 350. కొట్టు అద్దె, జీతాలు, కరెంటు అందులోంచే పోవాలి. పరీక్ష ప్రశ్నలో మాత్రం అవి విడిగా చెబితే తప్ప లెక్కలోకి రావు. చెబితే కొన్నవెలకు కలపాలి. 36,000కు కొన్న పాత బండికి 4,000 పెట్టి మరమ్మతు చేయించి 46,000కు అమ్మితే, అసలు కొన్నవెల 40,000. లాభం 6,000, అంటే 15 శాతం.

కొట్టువారు నిజానికి ఈ లెక్కను వెనక నుంచి వేస్తారు. చివరికి 28 శాతం మిగలాలి, బోర్డు మీద 50 + 20 ఉండాలి, అయితే చీటీ మీద ఎంత రాయాలి? కావలసిన గుణకం 1.28. తగ్గింపుల గుణకం 0.4. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 3.2. ముందుకు వెళ్లేటప్పుడు గుణించాం, వెనక్కి వచ్చేటప్పుడు భాగించాం.

పరీక్షల్లో దీని రూపం ఇలా ఉంటుంది: “25 శాతం డిస్కౌంట్ ఇచ్చాక కూడా 20 శాతం లాభం రావాలంటే వర్తకుడు వస్తువు వెలను కొన్నవెల కంటే ఎంత శాతం ఎక్కువగా ప్రకటించాలి?” ఇరవై, పాతిక కలిపి 45 అని గుర్తు పెట్టేవారు చాలామంది. గుణకాలతో అయితే 1.2ను 0.75తో భాగించాలి. వచ్చేది 1.6. అంటే 60 శాతం. సరిచూడటం కూడా తేలికే. 100కు కొని 160 అని రాశారు. 160లో పావు భాగం 40 పోతే 120. ఇరవై శాతం లాభం. 45 శాతమే పెంచి ఉంటే 145లో పావు పోయి 108.75 మాత్రమే వచ్చేది.

ఎందుకు కలపకూడదంటే ఆ రెండు శాతాలూ ఒకే వెల మీద లెక్కకట్టినవి కావు. లాభనష్టాల శాతం ఎప్పుడూ కొన్నవెల మీద. డిస్కౌంటు శాతం ఎప్పుడూ ప్రకటన వెల మీద. నేలలు వేరైన శాతాలను కూడటం అంటే మూరలనూ గజాలనూ కలిపేసి మొత్తం చెప్పడం లాంటిది. ఈ అధ్యాయంలో వచ్చే పొరపాట్లలో చాలా వాటికి మూలం ఇదొక్కటే.

బజారులో ఇంకో చిక్కు కూడా ఉంది. వ్యాపారులు ‘మార్జిన్’ అనే మాటను సాధారణంగా అమ్మినవెల మీద లెక్కకడతారు. 80 రూపాయలకు కొని 100కు అమ్మితే మార్జిన్ 20 శాతం. అదే సంగతి పాఠ్యపుస్తకం ప్రకారం లాభం 25 శాతం. కొట్టులో పనిచేస్తూ పరీక్షకు చదువుకునే కుర్రాడికి ఇది తప్పకుండా తగిలే ముల్లు. అందుకే ప్రశ్నలో ‘అమ్మినవెలపై లాభం 20 శాతం’ అని ఉందేమో చూసుకోవాలి. ఆ మాట ఉంటే గుణకం 1.2 కాదు, 1.25.

వెల తెలియకపోయినా

భాగహారం ఉపయోగం బాగా కనిపించే ప్రశ్న ఇంకొకటి ఉంది. “ఒక గడియారాన్ని రూ.720కి అమ్మితే 10 శాతం నష్టం వచ్చింది. 15 శాతం లాభం రావాలంటే ఎంతకు అమ్మాలి?” బడిలో నేర్పిన పద్ధతిలో ముందు కొన్నవెల కనుక్కుని, దాని మీద లాభం లెక్కకట్టి, కలపాలి. మూడు మెట్లు. గుణకాలతో అయితే 720 అన్నది కొన్నవెలలో 90 భాగాలు. కావలసింది 115 భాగాలు. 720ను 90తో భాగిస్తే ఒక భాగం 8. దాన్ని 115తో గుణిస్తే 920. కొన్నవెల 800 అని విడిగా తెలుసుకోనవసరమే రాలేదు.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు 10, 15 కలిపి 25 శాతం అనుకుని 720కి పాతిక శాతం కలపడం. అలా చేస్తే 900 వస్తుంది. అది కూడా నాలుగు జవాబుల్లో ఒకటిగా ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ పాతిక శాతం 720 మీద కాదు, కొన్నవెల మీద. 800లో పాతిక శాతం 200. 720కి 200 కలిపితే 920 సరిపోతుంది.

ఇరవై లాభం, ఇరవై నష్టం

ఒక వర్తకుడు రెండు మిక్సీలను ఒక్కోటి రూ.960కి అమ్మాడు. ఒకదానిపై 20 శాతం లాభం, రెండోదానిపై 20 శాతం నష్టం. మొత్తం మీద ఏమైంది? చెల్లుకు చెల్లు అనిపిస్తుంది. వెనక్కి భాగిద్దాం. 960ను 1.2తో భాగిస్తే 800. 960ను 0.8తో భాగిస్తే 1,200. రెండింటికీ కలిపి పెట్టింది 2,000. వచ్చింది 1,920. ఎనభై రూపాయల నష్టం, అంటే 4 శాతం.

నష్టం వచ్చిన మిక్సీయే ఖరీదైనది కాబట్టి ఇలా అయింది. అమ్మినవెలలు సమానమైనప్పుడు నష్టం వచ్చిన వస్తువు కొన్నవెల ఎప్పుడూ పెద్దదిగా ఉంటుంది. ఇరవై శాతం పెద్ద మొత్తం మీద పోయి, చిన్న మొత్తం మీద వచ్చింది. దీనికి అడ్డదారి: శాతాన్ని దానితోనే గుణించి వందతో భాగించాలి. 20 × 20 / 100 = 4. పది శాతమైతే 1 శాతం నష్టం, ముప్ఫై అయితే 9 శాతం. ఈ పరిస్థితిలో ఎప్పుడూ నష్టమే తప్ప లాభం రాదు.

అయితే ఈ అడ్డదారికి రెండు హద్దులున్నాయి. అవి తెలియకుండా వాడితే చేతికి మార్కు రాదు. మొదటిది, సమానంగా ఉండాల్సింది అమ్మినవెలలు. కొన్నవెలలు సమానమైతే ఇరవై లాభం, ఇరవై నష్టం నిజంగానే చెల్లుకు చెల్లు. వెయ్యి పెట్టి కొన్న రెండు వస్తువుల్లో ఒకటి 1,200కు, ఒకటి 800కు పోతే వచ్చింది రెండు వేలే. రెండోది, రెండు శాతాలూ ఒకటే కావాలి. ఒకదానిపై 20 శాతం లాభం, మరోదానిపై 10 శాతం నష్టం అంటే ఈ సూత్రం పనిచేయదు. అప్పుడు గుణకాలతో తేలిగ్గా భాగం పోయే అమ్మినవెలను మనమే ఊహించుకోవాలి. ఒక్కోటి 1,080 అనుకుందాం. 1.2తో భాగిస్తే 900, 0.9తో భాగిస్తే 1,200. పెట్టింది 2,100, వచ్చింది 2,160. లాభం 60. శాతంలో సుమారు 2.86. ఇరవైలోంచి పది తీసి, రెండుతో భాగించి 5 శాతం లాభం అని చెప్పేవారు ఇక్కడ దెబ్బతింటారు.

తూకంలోనూ గుణకమే

కిలో అని చెప్పి 900 గ్రాములు తూచే వర్తకుడి ప్రశ్న లేని లాభనష్టాల అధ్యాయం ఉండదు. నిజ జీవితంలో అది నేరం. లీగల్ మెట్రాలజీ చట్టం, 2009 కింద వ్యాపారంలో వాడే తూనికలను సరిచూసి ముద్ర వేస్తారు. తక్కువ తూచినవారికి శిక్ష ఉంది. పరీక్షలో మాత్రం ఆయన ఇలా ఎదురవుతాడు: “కొన్నవెలకే అమ్ముతున్నానని చెబుతూ కిలోకు బదులు 900 గ్రాములు తూచే వర్తకుడికి లాభం ఎంత?”

వంద గ్రాములు కొట్టేశాడు, కిలోలో అది పదో వంతు, కాబట్టి 10 శాతం అన్నది తొందరపాటు జవాబు. కానీ ఆయన పెట్టుబడి కిలోకు కాదు, ఇచ్చిన 900 గ్రాములకే. 900కు పెట్టి 1,000కి డబ్బు తీసుకున్నాడు. గుణకం 10/9. లాభం తొమ్మిదో వంతు, సుమారు 11.11 శాతం. పది శాతం నష్టపోయింది కొన్నవారు. వచ్చిన లాభం మాత్రం పదకొండు దాటింది, ఎందుకంటే లెక్కకట్టే నేల మారింది.

తూకం కూడా గుణకమైపోయింది కాబట్టి దాన్నీ గొలుసులో కలిపేయవచ్చు. వెల 20 శాతం పెంచి, 10 శాతం డిస్కౌంట్ ఇచ్చి, 900 గ్రాములే తూచాడనుకుందాం. 1.2 × 0.9 × 10/9. తొమ్మిదులు కొట్టుకుపోయి 1.2 మిగులుతుంది. లాభం 20 శాతం. డిస్కౌంటు ఇచ్చినట్టు కనిపించింది, తూకంలో అదంతా తిరిగి లాగేసుకున్నాడు.

‘మూడు కొంటే ఒకటి ఉచితం’ అన్న బోర్డుకూ ఇదే పద్ధతి. నాలుగు వస్తువులు తీసుకుని మూడింటికి డబ్బు ఇస్తున్నాం. గుణకం 3/4, తగ్గింపు 25 శాతం. మూడింటికి ఒకటి ఉచితం కదా అని 33⅓ అనుకుంటే తప్పు. ‘ఒకటి కొంటే ఒకటి’ అంటే 50 శాతం. ‘రెండు కొంటే ఒకటి’ అంటే మూడో వంతు. దాని మీద బిల్లులో ఇంకో 10 శాతం తగ్గిస్తే 2/3 × 0.9 = 0.6. అంటే మొత్తం 40 శాతం. అయితే మూడు చొక్కాలు అవసరమైనవారికే ఈ నలభై శాతం దక్కుతుంది.

గొలుసు ఎక్కడ తెగుతుంది?

గుణకాల పద్ధతికి ఒక షరతుంది. ప్రతి మెట్టూ శాతంగానే ఉండాలి. మధ్యలో రూపాయల్లో తగ్గింపు వస్తే గొలుసు తెగుతుంది, వరుస ముఖ్యమవుతుంది. రూ.2,000 వస్తువుపై 10 శాతం తగ్గింపు, రూ.200 కూపన్ రెండూ ఉన్నాయనుకుందాం. ముందు శాతం తీస్తే 1,800, ఆ తర్వాత కూపన్‌తో 1,600. ముందు కూపన్ వాడితే 1,800, దానిలో పది శాతం పోతే 1,620. శాతాన్ని ముందు తీయించుకున్నవారికి ఇరవై రూపాయలు మిగిలాయి. ఇక్కడ మాత్రం కౌంటర్ దగ్గర అడిగితే ప్రయోజనం ఉంది.

ఆన్‌లైన్ కొనుగోళ్లలో ‘20 శాతం తగ్గింపు, గరిష్ఠంగా రూ.200’ అని ఉంటుంది. వెయ్యి రూపాయల వరకే అది 0.8 గుణకం. రూ.4,000 బిల్లుకు పోయేది 200 మాత్రమే, అంటే 5 శాతం. ‘50 శాతం క్యాష్‌బ్యాక్’ కూడా సగం వెల కాదు. వెయ్యి చెల్లిస్తే వాలెట్‌లోకి 500 వచ్చి, దాన్ని మళ్లీ అక్కడే ఖర్చు పెట్టాలంటే, వెయ్యి రూపాయలకు 1,500 సరుకు వచ్చినట్టు. గుణకం 2/3. అసలు తగ్గింపు మూడో వంతే, అదీ రెండోసారి కొంటేనే.

ముప్ఫై ఆరు సెకన్లు

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే సీజీఎల్ మొదటి దశ పరీక్షలో 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు. ఒక్కోదానికి సగటున 36 సెకన్లు. వాటిలో 25 క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్‌వి. సరైన జవాబుకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. ఆ 36 సెకన్లలో ప్రశ్న చదవడానికే సగం పోతుంది. అశోక్‌నగర్ లైబ్రరీల్లోనూ, బ్యాంకు కోచింగులకు పేరుపడ్డ నంద్యాలలోనూ ఈ అధ్యాయం మీద అన్ని గంటలు కూర్చునేది అందుకే. ‘కొన్నవెల x అనుకొనుము’ అని మొదలుపెడితే ఆ సమయం చాలదు.

సమయం లేనప్పుడు జవాబు సరైనదో కాదో పోల్చుకోవడానికి రెండు గుర్తులు చాలు. రెండు తగ్గింపులు కలిసినప్పుడు జవాబు ఆ రెంటి మొత్తం కంటే ఎప్పుడూ తక్కువ, ఆ రెంటిలో పెద్దదాని కంటే ఎప్పుడూ ఎక్కువ. 50, 20 తగ్గింపులకు జవాబు 50కీ 70కీ మధ్యే ఉండాలి. రెండు పెంపులు కలిసినప్పుడు జవాబు మొత్తం కంటే ఎప్పుడూ ఎక్కువ. ఈ రెండు గుర్తులతో చూస్తే నాలుగు జవాబుల్లో ఒకటో రెండో లెక్క చేయకుండానే తప్పుకుంటాయి. ఇక అడ్డదారి సూత్రం మీద అనుమానం వచ్చినప్పుడు వంద రూపాయల వస్తువును ఆ మెట్లన్నీ ఎక్కించి చూడటం పది సెకన్ల పని.

పరీక్ష రాసేవారికైనా, రాయనివారికైనా ఈ ఆషాఢంలో చేయదగిన పని ఒకటుంది. బట్టల కొట్టు నుంచి ఇంటికి వచ్చాక బిల్లు మొత్తాన్ని చీటీల మీద ఉన్న వెలల మొత్తంతో భాగించి చూడండి. 50 + 20 అన్న కొట్టులో అది 0.4 రావాలి. అంతకంటే ఎక్కువ వస్తే బిల్లు పట్టుకుని మళ్లీ వెళ్లి అడగండి.